పాత కొయ్యముక్క వయసెంత? పుస్తకంలోని జవాబు, ల్యాబ్ ఇచ్చే జవాబు



తొలకరి చినుకులు పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి నడవడం మనందరికీ తెలిసిన దృశ్యమే. జొన్నగిరి పరిసరాల్లో బంగారం కోసం ఎప్పుడో తవ్వి వదిలేసిన పాత గుంతలూ ఉన్నాయి. పక్కనే ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు. కర్ణాటకలోని అశోక శాసనాల్లో కనిపించే 'సువర్ణగిరి' మన జొన్నగిరేనని కొందరు చరిత్రకారులు అంటారు. కాదు, మస్కి దగ్గరనో కనకగిరి దగ్గరనో అని మరికొందరు అంటారు.

ఈ మధ్య పేరెంట్స్ మీటింగులో ఒక తండ్రి దీని గురించే అడిగారు. "సార్, మా వాడు కెమిస్ట్రీలో కార్బన్ డేటింగ్ లెక్క చేశాడు. 1845 ఏళ్ళు అని వచ్చింది, మార్కులూ పడ్డాయి. రేపు మన జొన్నగిరి పాత గుంతలో ఒక కర్రముక్క దొరికితే, ఇదే లెక్క వేసి అది అశోకుడి కాలందో కాదో చెప్పేయొచ్చు కదా?"

ఆ ప్రశ్నకు జవాబు రెండు ముక్కల్లో చెప్పలేకపోయాం. అందుకే ఈ నెల పాఠం దాని మీదే.

పుస్తకంలోని లెక్క

12వ తరగతి ఎన్‌సీఈఆర్‌టీ కెమిస్ట్రీలో 'కెమికల్ కైనెటిక్స్' పాఠం చివర ఈ లెక్క ఉంటుంది. ఒక పురాతన కొయ్య వస్తువులో కార్బన్-14, బతికున్న చెట్టులో ఉండేదానిలో 80 శాతమే మిగిలింది. కార్బన్-14 అర్ధాయువు 5,730 ఏళ్ళు. అయితే ఆ వస్తువు వయసెంత?

ముందు సంగతి అర్థం చేసుకుందాం. గాలిలోని కార్బన్‌లో అతి కొద్ది భాగం కార్బన్-14. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల అది పై వాతావరణంలో ఎప్పటికప్పుడు తయారవుతూ ఉంటుంది. చెట్టు గాలి పీల్చుకుని కాండం పెంచుకుంటుంది కాబట్టి, గాలిలో ఎంత వంతు ఉందో చెట్టులోనూ దాదాపు అంతే ఉంటుంది. కొయ్యలో ఒక వలయం ఏర్పడడం పూర్తయ్యాక దానిలోకి కొత్త కార్బన్ రాదు. ఉన్న కార్బన్-14 మాత్రం తనంతట తాను తరిగిపోతూ ఉంటుంది.

ఎలా తరుగుతుంది? చక్రవడ్డీని తిరగేసి చూడండి. చక్రవడ్డీలో ఎంత అసలు ఉంటే అందులో నూటికి ఇంత అని పెరుగుతుంది. ఇక్కడ ఎంత మిగిలి ఉంటే అందులో నూటికి ఒకటి చొప్పున తగ్గుతుంది. కార్బన్-14 విషయంలో ఆ ఒక్క శాతం తరగడానికి సుమారు 83 ఏళ్ళు పడుతుంది. 100 నుంచి 99, ఆ 99లో ఒక శాతం పోయి 98.01, అలా సాగుతుంది. 80కి చేరడానికి ఇలా 22 సార్లకు కాస్త పైన తగ్గాలి. 22.2ని 83.1తో గుణిస్తే 1,845 దగ్గరకు వస్తుంది. మీ పిల్లలు రాసే సూత్రం ఇదే మాటను పొట్టిగా చెబుతుంది:

```
t = (5730 / 0.693) × ln(100/80) ≈ 1845
```

పరీక్షకు ఈ జవాబు సరైనదే. కానీ ఈ లెక్క మూడు విషయాలను అడగకుండానే ఒప్పుకుంది. 80 అనే అంకె కచ్చితంగా 80 అని, గాలిలో కార్బన్-14 ఎప్పుడూ ఒకేలా ఉందని, చెట్టు వయసూ వస్తువు వయసూ ఒకటేనని. ఈ మూడింటినీ వరసగా చూద్దాం.

80 అంటే కచ్చితంగా 80 కాదు

బతికున్న చెట్టు నుంచి తీసిన ఒక గ్రాము కార్బన్‌లో నిమిషానికి సుమారు 13.6 కార్బన్-14 పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. మన కొయ్యముక్కలో అది 10.9 దగ్గర ఉంటుంది. అయితే ఈ విచ్ఛిన్నాలు గడియారం ముల్లులా వరసగా జరగవు. ఒక నిమిషం 8 రావచ్చు, ఇంకో నిమిషం 14 రావచ్చు. అందుకే చాలాసేపు లెక్కించి సగటు తీయాలి. మొత్తం లెక్కింపు N అయితే, దానిలోని అనిశ్చితి దాని వర్గమూలమంత ఉంటుంది. 40,000 విచ్ఛిన్నాలు లెక్కిస్తే వర్గమూలం 200, అంటే అర శాతం తేడా. నిమిషానికి 10.9 చొప్పున 40,000 లెక్కించడానికి దాదాపు 61 గంటలు కావాలి. యంత్రం చుట్టూ ఉండే ఇతర రేడియేషన్‌ను తీసేయడం దీనికి అదనం.

ఆ అర శాతం తేడా వయసులో 40 ఏళ్ళవుతుంది. కాబట్టి ల్యాబ్ ఎప్పుడూ ఒంటరి అంకె ఇవ్వదు, పక్కన ± 40 అని రాస్తుంది. దాని అర్థం 'అటూ ఇటూ 40 ఏళ్ళలో తప్పకుండా ఉంటుంది' అని కాదు. అసలు విలువ ఆ హద్దుల్లో ఉండే అవకాశం నూటికి 68 మాత్రమే. 95 శాతం ధీమా కావాలంటే హద్దును రెట్టింపు చేసి ± 80గా చదవాలి.

ఇప్పుడు చాలా చోట్ల యాక్సిలరేటర్ పద్ధతి వచ్చింది. అది విచ్ఛిన్నం కోసం ఎదురుచూడదు, కార్బన్-14 పరమాణువులనే నేరుగా లెక్కిస్తుంది. పాత పద్ధతికి గ్రాముల్లో కార్బన్ కావాలి, దీనికి కొన్ని మిల్లీగ్రాములు చాలు. న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఈ సదుపాయం ఉంది. అక్కడ కూడా ± తప్పదు.

రిపోర్టులోని 'బీపీ'

మన 80 శాతం ముక్కకు ల్యాబ్ రిపోర్టు వస్తే దానిలో 1845 ఉండదు. సుమారు 1793 ± 40 బీపీ అని ఉంటుంది. ఇక్కడ బీపీ అంటే డాక్టరు చూసేది కాదు, 'ప్రస్తుతానికి ముందు' అని. ఆ ప్రస్తుతం కూడా ఈ సంవత్సరం కాదు. 1950గా స్థిరపరిచారు. లేకపోతే ప్రతి ఏడాదీ పాత రిపోర్టులన్నీ మార్చాల్సి వచ్చేది.

మరి 1845కు, 1793కు తేడా ఎందుకు? ఈ పద్ధతి తొలినాళ్ళలో విల్లార్డ్ లిబ్బీ స్థిరపరచిన అర్ధాయువు 5,568 ఏళ్ళు. తర్వాత మెరుగైన కొలతల్లో అది 5,730 అని తేలింది. అప్పటికే పాత విలువతో ఎన్నో ఫలితాలు అచ్చయ్యాయి. అందుకని అందరూ పాత విలువతోనే రిపోర్టు ఇవ్వాలని ఒప్పందం చేసుకున్నారు. అలా అయితే తప్పు ఉండిపోదా? ఉండదు. ఎందుకంటే ఆ అంకె క్యాలెండర్ సంవత్సరం కాదు. అది 'కార్బన్ వయసు' మాత్రమే. దాన్ని క్యాలెండర్‌లోకి మార్చే పట్టిక కూడా అదే విలువతో తయారైంది.

గాలి మారితే గడియారమూ మారుతుంది

లిబ్బీ బృందం మొదట పరీక్షించిన వాటిలో ఈజిప్టు రాజు జోసెర్ సమాధిలోని తుమ్మజాతి కొయ్య ఒకటి. చరిత్రకారుల లెక్క ప్రకారం దాని వయసు సుమారు 4,650 ఏళ్ళు. కొలతలో వచ్చింది 3,979 ± 350. తొలి ప్రయత్నానికి అది మంచి ఫలితమే, లిబ్బీకి 1960లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కానీ యంత్రాలు మెరుగై ± తగ్గేకొద్దీ ఒక సంగతి బయటపడింది. ఈజిప్టు పాత రాజ్యం నాటి కొయ్యలన్నీ కొన్ని వందల ఏళ్ళు చిన్నవిగానే తేలుతున్నాయి. అంటే ఇది యాదృచ్ఛికంగా వచ్చిన తేడా కాదు.

కారణం గాలిలోనే ఉంది. భూమి అయస్కాంత క్షేత్రం బలం, సూర్యుడి చురుకుదనం మారినప్పుడల్లా కార్బన్-14 తయారయ్యే వేగమూ మారుతుంది. లెక్కలో మనం 100 అనుకున్న మొదటి అంకె ఒక కాలంలో 102, మరో కాలంలో 99. ఒక శాతం తేడా అంటే 80 ఏళ్ళు అని మరచిపోకండి.

దీనికి విరుగుడు చెట్లే ఇచ్చాయి. చల్లని దేశాల చెట్లు ఏడాదికొక వలయం వేస్తాయి. బతికున్న చెట్టు నుంచి వెనక్కి లెక్కిస్తూ, దాని లోపలి వలయాల అమరికను పాత దూలాల బయటి వలయాలతో జత కలుపుతూ, పన్నెండు వేల ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళారు. ఏ వలయం ఏ ఏడాదిదో తెలుసు కాబట్టి, దానిలోని కార్బన్-14ను కొలిచి, ఏ సంవత్సరానికి ఎంత కార్బన్ వయసు వస్తుందో పట్టిక వేశారు. 2020లో వెలువడిన దాని రూపాంతరం పేరు ఇంట్‌కాల్20. గుహల్లోని సున్నపు నిక్షేపాలు, సరస్సుల ఒండ్రు వంటి ఆధారాలతో అది 55,000 ఏళ్ళ దాకా వెళుతుంది. కార్బన్ వయసును ఇలా క్యాలెండర్‌లోకి మార్చడాన్ని క్యాలిబ్రేషన్ అంటారు.

మన 1793 ± 40ను దానిలో చూస్తే, 95 శాతం ధీమాతో క్రీ.శ. 2వ శతాబ్దం రెండో సగం నుంచి 4వ శతాబ్దం మధ్య దాకా అని వస్తుంది. పుస్తకంలో ఒక్క సంవత్సరంగా కనిపించిన జవాబు ఇక్కడ దాదాపు రెండు వందల ఏళ్ళ అవధి అయింది. నిజం చెప్పే జవాబు ఈ అవధే.

గీత బల్లపరుపుగా ఉన్నచోట

ఇప్పుడు అశోకుడి ప్రశ్నకు వద్దాం. ఆయన పాలన సుమారు క్రీ.పూ. 268 నుంచి 232 దాకా. ఆ కాలంలో పెరిగిన కొయ్యకు కార్బన్ వయసు 2200 బీపీ ప్రాంతంలో వస్తుంది. జొన్నగిరి గుంతలో దొరికిన కర్రకు 2200 ± 30 వచ్చిందనే అనుకుందాం. అశోకుడిదే అని సంబరపడవచ్చా?

క్యాలిబ్రేషన్ పట్టికను గీతగా గీస్తే, అది అన్నిచోట్లా ఒకే వాలుగా దిగదు. క్రీ.పూ. 350 నుంచి 200 మధ్య అది దాదాపు బల్లపరుపుగా, చిన్న చిన్న ఎత్తుపల్లాలతో సాగుతుంది. ఆ నూట యాభై ఏళ్ళలో ఏ ఏడాది పెరిగిన కొయ్యకైనా దాదాపు ఒకటే కార్బన్ వయసు. అందుకే 2200 ± 30ను మారిస్తే వచ్చేది సుమారు క్రీ.పూ. 370 నుంచి 170 దాకా. నందులు, చంద్రగుప్తుడు, బిందుసారుడు, అశోకుడు, మౌర్యుల చివరి రాజులు అందరూ ఆ అవధిలోనే ఉన్నారు. ± 30ను ± 15 చేసినా పెద్దగా లాభం లేదు. లోపం యంత్రంలో లేదు, ఆనాటి గాలిలో ఉంది.

ఇంతకన్నా పెద్ద బల్లపరుపు క్రీ.పూ. 800 నుంచి 400 మధ్య ఉంది. మరొకటి మనకు మరీ దగ్గరగా, 1650 తర్వాత ఉంది. మీ తాతగారింటి చెక్కిన వాకిలి 1700 నాటిదా, 1850 నాటిదా అని కార్బన్ డేటింగ్‌ను అడిగితే తేల్చలేదు. 1955 తర్వాత పెరిగిన చెట్టును మాత్రం ఇట్టే పట్టేస్తుంది. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది కాబట్టి, ఆ గుర్తు కొయ్యలో ఉండిపోతుంది. పాత బొమ్మ అని చెప్పి కొత్త చెక్క అమ్మేవారు ఇక్కడే దొరికిపోతారు.

బల్లపరుపును దాటే దారి ఒకటుంది. ఒకే దూలంలో లోపలి నుంచి బయటికి, మధ్యలో ఎన్ని వలయాలున్నాయో లెక్కపెట్టుకుంటూ ఐదారు చోట్ల నమూనాలు తీస్తారు. ఆ ఐదారు ఫలితాల వరసను మొత్తంగా గీత ఎత్తుపల్లాల మీద జరిపి, ఎక్కడ సరిగ్గా కూర్చుంటుందో చూస్తారు. దీనికి వలయాలు స్పష్టంగా ఉండాలి. మన అడవి చెట్లలో చాలా వాటికి అలా ఉండవు. టేకుకు ఉంటాయి.

చెట్టు వయసు వేరు, వస్తువు వయసు వేరు

ఇక మూడోది. కార్బన్-14 చెప్పేది ఆ వలయం ఎప్పుడు పెరిగిందో మాత్రమే. దాన్ని ఎప్పుడు నరికారో, ఎప్పుడు చెక్కారో, ఎప్పుడు గనిలో పెట్టారో చెప్పదు. రెండు వందల ఏళ్ళ చెట్టును నరికి దాని మధ్య చేవ నుంచి నమూనా తీస్తే, వస్తువు రెండు వందల ఏళ్ళు ఎక్కువ పాతదిగా కనిపిస్తుంది. పాత ఇంటి దూలం కొత్త ఇంటికి వాడుకోవడం మన ఊళ్ళలో ఎప్పుడూ ఉన్నదే. కాబట్టి నమూనా బెరడు పక్కనున్న బయటి వలయాల నుంచి తీయాలి. అక్కడే సన్న పుల్లలు, గింజలు దొరికితే అవి ఇంకా మేలు, వాటికి పాత వయసు అంటే ఏమీ ఉండదు.

ఇంకో చిక్కు మైల. నేలలో ఉన్న కొయ్యలోకి భూమిలోని కుళ్ళిన ఆకుల రసం ఇంకుతుంది, వేళ్ళు దూరతాయి. అవి వయసును తగ్గిస్తాయి. తీసినవాళ్ళు పాడవకుండా ఉండాలని కిరోసిన్‌తో తుడిచినా, మైనం పూసినా వయసు పెరుగుతుంది. పెట్రోలియంలో కార్బన్-14 అసలుండదు, నూటికి ఒక వంతు కలిసినా 80 ఏళ్ళు అదనం. ల్యాబ్‌లో నమూనాను ముందు ఆమ్లంతో, తర్వాత క్షారంతో, మళ్ళీ ఆమ్లంతో కడిగేది ఇందుకే. అయినా కొయ్య దొరికినప్పుడు దాన్ని తుడవకుండా, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, ఎంత లోతులో ఏ పొరలో దొరికిందో రాసిపెట్టడం అంతకన్నా ముఖ్యం.

హట్టి గని చెప్పిన సంగతి

ఇది ఊహ కాదు. ఆదోని నుంచి తుంగభద్ర దాటి రాయచూరు జిల్లాలోకి వెళితే హట్టి బంగారు గని వస్తుంది. అక్కడ పూర్వికులు నిప్పు పెట్టి రాయిని పగలగొడుతూ 600 అడుగులకు పైగా లోతుకు దిగారు. ఆ పాత సొరంగాల్లో మిగిలిన కొయ్యకు కార్బన్ డేటింగ్ చేస్తే సుమారు 1,900 ఏళ్ళు వచ్చింది. అంటే మిగిలిన కార్బన్-14 దాదాపు 79 శాతం. మీ పిల్లల పుస్తకంలోని 80 శాతం లెక్కకు ఇంచుమించు అదే.

దీన్ని ఇప్పుడు మనం నేర్చుకున్నట్టు చదువుదాం. 1,900 కార్బన్ ఏళ్ళను క్యాలిబ్రేట్ చేస్తే క్రీ.శ. తొలి శతాబ్దాలు వస్తాయి. అశోకుడి నాటి కొయ్య అయితే 2,200 రావాలి. మూడు వందల ఏళ్ళ తేడాను ± మింగలేదు. కాబట్టి ఆ కొయ్య అశోకుడి నాటిది కాదని ధైర్యంగా చెప్పవచ్చు. నమూనా చేవ నుంచి తీసినా ఈ మాట మారదు, ఎందుకంటే పాత కొయ్య దోషం వస్తువును ఇంకా ఇటువైపే జరుపుతుంది, అటు కాదు. కానీ అశోకుడి కాలంలో హట్టిలో తవ్వకమే లేదని దీన్ని బట్టి చెప్పలేం. పై సొరంగాలు అంతకు ముందే తవ్వి ఉండవచ్చు, వాటిలోని కొయ్య చివికిపోయి ఉండవచ్చు. కొయ్య తాను ఉన్న చోటు గురించే సాక్ష్యం చెబుతుంది.

కాబట్టి ఆ తండ్రిగారికి మా జవాబు ఇది. జొన్నగిరిలో కర్ర దొరికి, దానికి 1,900 వస్తే అది అశోకుడిది కాదని చెప్పగలం. 2,200 వస్తే అశోకుడిది కావచ్చు అని మాత్రమే చెప్పగలం, అవునని చెప్పలేం. కాదనడం ఈ పద్ధతికి సులువు, అవుననడం కష్టం. సువర్ణగిరి జొన్నగిరేనా అన్నది ఒక్క కర్రముక్కతో తేలదు. ఒకే పొరలోని అనేక నమూనాలు, కుండపెంకులు, శాసనాలు కలిసి తేల్చాలి.

ఈసారి మీ అబ్బాయో అమ్మాయో ఆ లెక్క చేసి 1845 అని చూపిస్తే, ఈ మూడు అడగండి. ప్లస్ ఆర్ మైనస్ ఎంత? ఇది కార్బన్ వయసా, క్యాలెండర్ వయసా? నమూనా చెట్టులో ఏ చోటి నుంచి తీశారు? పరీక్షలో ఈ మూడూ అడగరు. ల్యాబ్‌కు నమూనా పంపినవారిని మాత్రం మొదట అడిగేవి ఇవే.

— ఫిజిక్స్, కెమిస్ట్రీ విభాగాల ఉపాధ్యాయులు